పటం ఎంత సరైనదో తేల్చేది చెక్ పాయింట్లే: డ్రోన్ ఫొటోల నుంచి ఆర్థోమొజాయిక్ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

డ్రోన్ ఫొటోలను కలిపి ఆర్థోమొజాయిక్, అంటే కొలతలు తీసుకోగల ఒకే పెద్ద ఫొటో పటం, చేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, పని పూర్తయ్యాక ఒక నివేదిక ఇస్తుంది. అందులో జీసీపీల దగ్గర సగటు తేడా 1.1 సెంటీమీటర్లు అనో, అలాంటిదే మరో చిన్న అంకెనో ఉంటుంది. దాన్నే తీసుకుని, ఈ పటం ఖచ్చితత్వం ఒక సెంటీమీటరు అని రాసి ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ అంకెకు ఆ అర్థం లేదు. జీసీపీలంటే నేల మీద స్థానం కొలిచిన బిందువులు; అవి మనం ముందే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చిన జవాబులు. ఇచ్చిన జవాబులకు తన లెక్కను ఎంత దగ్గరగా సర్దుకుందో మాత్రమే ఆ అంకె చెబుతుంది. జవాబు ఇవ్వని చోట పటం ఎలా ఉందో తెలియాలంటే, నేల మీద కొలిచి, సాఫ్ట్‌వేర్‌కి చూపించకుండా పక్కన పెట్టిన బిందువులు కావాలి. వాటినే చెక్ పాయింట్లు అంటాం. ఈ రోజు మాట్లాడబోయేది ఈ రెండింటి మధ్య తేడా గురించే. ఆ తేడా ఎక్కడ పుడుతుందో అర్థం కావాలంటే ఫొటోలు పటంగా ఎలా మారతాయో కాస్త చూడాలి.

ఫొటోలను అతికించడం అనే మాట వాడుతుంటాం గానీ, ఫొటో పక్కన ఫొటో పెట్టి అంచులు కలపడం అక్కడ జరగదు. సాఫ్ట్‌వేర్ ముందుగా ప్రతి ఫొటోలో సులభంగా గుర్తుపట్టగల చుక్కలను వేల సంఖ్యలో ఏరుతుంది. రాయి మూల, గడ్డి దుబ్బు, రోడ్డు మీద పగులు, ఏదైనా కావచ్చు. అదే చుక్క ఏయే ఫొటోల్లో కనిపించిందో జత చేస్తుంది. తర్వాత ఆ జతలన్నీ ఒకేసారి సరిపోయేలా మూడు విషయాలను కలిపి లెక్కకడుతుంది: ప్రతి ఫొటో తీసినప్పుడు కెమెరా ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది; ప్రతి చుక్క నేల మీద ఎక్కడుంది; కెమెరా లెన్స్ ఫోకల్ లెంగ్త్, వంపు ఎంత. ఈ మెట్టు పేరు బండిల్ అడ్జస్ట్‌మెంట్. మూడోది, అంటే లెన్స్ లెక్క కూడా ఇక్కడే తేలుతుందన్న సంగతి గుర్తుపెట్టుకోండి. పెద్ద తప్పులు చాలావరకు అక్కడి నుంచే వస్తాయి.

ఆ తర్వాత చుక్కలను దట్టం చేసి నేల ఎత్తుపల్లాల నమూనా కడుతుంది. దాన్ని డీఎస్ఎం అంటాం. చివరికి పటంలోని ఒక్కో గడికి ఆ నమూనా ఎత్తు చూసి, అక్కడి నుంచి కెమెరాకు గీత గీస్తే ఫొటోలో ఏ పిక్సెల్ తగులుతుందో ఆ రంగు తెచ్చి పెడుతుంది. అందుకే ఎత్తులో తప్పు ఉంటే అది పటంలో అడ్డంగా జరిగిన తప్పుగా కూడా కనిపిస్తుంది. 80 మీటర్ల ఎత్తు నుంచి తీసిన ఫొటోలో, కెమెరా కింది బిందువుకు 40 మీటర్ల దూరంలో డీఎస్ఎం 30 సెంటీమీటర్లు తప్పితే, ఆ గడి పటంలో 15 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఎత్తు తప్పును దూరంతో గుణించి కెమెరా ఎత్తుతో భాగించడమే లెక్క.

ఇప్పుడొక ఉదాహరణ తీసుకుని చివరిదాకా దాంతోనే వెళదాం. 500 మీటర్ల పొడవు, 400 మీటర్ల వెడల్పు, అంటే 20 హెక్టార్ల చదునైన స్థలం. కెమెరా ఒక అంగుళం సెన్సర్‌ది: వెడల్పు 13.2 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 8.8 మిల్లీమీటర్లు, ఫొటో 5472 × 3648 పిక్సెళ్లు. 80 మీటర్ల ఎత్తులో ఎగిరితే ఒక ఫొటో నేల మీద 120 మీటర్ల వెడల్పు, 80 మీటర్ల పొడవు పట్టుకుంటుంది. 120 మీటర్లను 5472తో భాగిస్తే ఒక పిక్సెల్ నేల మీద సుమారు 2.2 సెంటీమీటర్లు. ఇదే జీఎస్‌డీ. మిగతా అంకెలన్నిటినీ దీంతోనే పోల్చి చూడాలి.

ఎగిరే దిశలో 80 శాతం, వరుసల మధ్య 70 శాతం ఓవర్‌ల్యాప్ పెడితే ఫొటోకీ ఫొటోకీ 16 మీటర్లు, వరుసకీ వరుసకీ 36 మీటర్లు వస్తుంది. అంచుల బయటికి కొంచెం కలుపుకుని పదమూడు వరుసలు, దాదాపు 440 ఫొటోలు. వేగం సెకనుకు 8 మీటర్లనుకుంటే రెండు సెకన్లకో ఫొటో. షట్టర్ 1/1000 సెకను పెడితే ఆ కాసేపట్లో డ్రోన్ 8 మిల్లీమీటర్లు కదులుతుంది. అది అర పిక్సెల్ లోపే కాబట్టి ఫొటో చెదరదు. 1/200కి వదిలేస్తే 4 సెంటీమీటర్లు, దాదాపు రెండు పిక్సెళ్లు సాగిపోతుంది. మబ్బు పట్టినప్పుడు కెమెరాను ఆటోలో ఉంచితే సరిగ్గా ఇదే జరుగుతుంది. షట్టర్ వేగాన్ని బిగించి ఐఎస్ఓను పెరగనివ్వడం మేలు. ఫొటో కొంచెం ఇసుక చల్లినట్టు కనిపించినా పరవాలేదు గానీ, చెదిరిన ఫొటోలో జీసీపీ నడిమి బిందువును ఎవరూ పట్టుకోలేరు.

ఓవర్‌ల్యాప్ విషయంలో ఒక పొరపాటు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఫ్లైట్ ప్లాన్‌లో 80, 70 అని రాసినది డ్రోన్ లేచిన నేల మట్టానికే వర్తిస్తుంది. స్థలంలో 20 మీటర్ల చెట్లుంటే వాటి కొమ్మల మట్టం నుంచి చూస్తే డ్రోన్ ఎత్తు 60 మీటర్లే. అక్కడ ఫొటో పట్టుకునేది 90 × 60 మీటర్లు. వరుసల దూరం మాత్రం అదే 36, ఫొటోల దూరం అదే 16. అంటే ఓవర్‌ల్యాప్ వరుసల మధ్య 60, ఎగిరే దిశలో 73 శాతానికి పడిపోయింది. ఆకులు గాలికి ఊగుతాయి కాబట్టి జతలు దొరకడమే కష్టం, దానికి తోడు ఇది. చెట్ల చోట పటానికి చిల్లులు పడటానికి అసలు కారణం ఇక్కడుంది. గుట్టలున్న చోట నేల మట్టాన్ని అనుసరించి ఎగిరే పద్ధతి పెట్టాలి. లేదా ఎత్తైన చోటును ఆధారంగా తీసుకుని ప్లాన్ గీయాలి.

ఇక నేల మీది పని. మన ఉదాహరణలో తొమ్మిది జీసీపీలు, పది చెక్ పాయింట్లు పెడదాం. గుర్తుకు 60 సెంటీమీటర్ల చదరపు పలక సరిపోతుంది. నాలుగు గడులుగా విడగొట్టి, ఎదురెదురు గడులు నలుపు, మిగతా రెండు తెలుపు. నాలుగు గడులూ కలిసే బిందువే మనం కొలిచేది. 2.2 సెంటీమీటర్ల జీఎస్‌డీలో అది 27 పిక్సెళ్లంత ఉంటుంది, నడిమి బిందువు స్పష్టంగా దొరుకుతుంది. నిగనిగలాడే తెల్ల రంగు మాత్రం వద్దు. ఎండలో తెలుపు వెలిగిపోయి పక్క నలుపులోకి పాకుతుంది, బిందువు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. మెరుపు లేని లేత బూడిద రంగు దానికన్నా చాలా నయం.

జీసీపీలను స్థలం నాలుగు మూలల్లో, అంచుల మధ్యలో, నడిబొడ్డున పరచాలి. రోడ్డు పక్కన నడవడం సులువని అన్నింటినీ ఒకే గీత మీద పెడితే, ఆ గీత చుట్టూ నమూనా పక్కకు వాలిపోయినా జీసీపీలు ఏమీ పసిగట్టవు. చెక్ పాయింట్లను జీసీపీల పక్కనే పెట్టడం కూడా అలాంటి తప్పే. జీసీపీకి మూడు మీటర్ల దూరంలో పటం బాగానే ఉంటుంది, దాన్ని పరీక్షించి లాభం లేదు. జీసీపీలకు దూరంగా, వాటి మధ్య ఖాళీల్లో పెట్టాలి. అన్నీ గట్టి, చదునైన నేల మీదే ఉండాలి. గట్టు అంచున, గోడ మూలన పెడితే అక్కడ డీఎస్ఎం ఎత్తు ఏ గడిలో చూస్తే అలా మారిపోతుంది.

కొలిచేది సాధారణంగా, ఒక చోట కదలకుండా ఉంచిన బేస్ రిసీవర్ పంపే దిద్దుబాట్లతో సెంటీమీటర్ల లెక్కలో స్థానం ఇచ్చే, పోల్ మీది జీపీఎస్ రిసీవర్ అయిన ఆర్‌టీకే రోవర్‌తో. తెర మీద లెక్క కుదిరిందని చెప్పే ఫిక్స్ రాకుండా, ఇంకా కుదరని ఫ్లోట్‌లో ఉన్నప్పుడు రికార్డు చేస్తే తప్పు పదుల సెంటీమీటర్లలో ఉండవచ్చు. ఫిక్స్ వచ్చాక కూడా ఒక్కో బిందువును కొంత వ్యవధి ఇచ్చి రెండుసార్లు కొలవాలి. రెండు కొలతలూ సరిపోలితేనే నమ్మాలి, ఎందుకంటే అప్పుడప్పుడు తప్పుడు ఫిక్స్ కూడా వస్తుంది. పోల్ బుడగను చూసుకోండి. రెండు మీటర్ల పోల్ ఒక్క డిగ్రీ వాలితే బిందువు 3.5 సెంటీమీటర్లు జరుగుతుంది. మన పిక్సెల్ కన్నా అది పెద్దది. పోల్ ఎత్తు 2 మీటర్లు పెట్టి, పరికరంలో 1.8 అని వదిలేస్తే ఆ పూట కొలిచిన బిందువులన్నీ ఒకేలా 20 సెంటీమీటర్లు ఎత్తుకు లేస్తాయి.

ఎత్తు గురించి ఇంకొక్క మాట. జీపీఎస్ ఇచ్చేది, భూమి ఆకారానికి లెక్కల్లో వాడే నున్నటి నమూనా అయిన ఎలిప్సాయిడ్ నుంచి ఎత్తు. ఇంజనీర్లు అడిగేది సగటు సముద్ర మట్టం నుంచి ఎత్తు. ఈ రెండింటి తేడా చోటును బట్టి మారుతుంది, భూమ్మీద కొన్ని ప్రాంతాల్లో వంద మీటర్లు కూడా దాటుతుంది. జీసీపీలు ఒక పద్ధతిలో, చెక్ పాయింట్లు మరో పద్ధతిలో వస్తే పదుల మీటర్ల తేడా కనబడుతుంది, అది వెంటనే దొరికిపోతుంది. దొరకనిది వేరే ఉంది. అన్నీ ఎలిప్సాయిడ్ ఎత్తులే అయి, పటం కింద మాత్రం సముద్ర మట్టం నుంచి అని రాస్తే, లోపల అన్నీ చక్కగా సరిపోతాయి, ఇచ్చిన అంకెలు మాత్రం తప్పు. అందుకే బిందువుల ఫైలు తెరిచిన రోజే ఎత్తు ఏ పద్ధతిదో పైన రాసిపెట్టుకోవాలి.

ఇప్పుడు మార్కింగ్, అంటే ప్రతి జీసీపీ ఏ ఫొటోలో ఏ పిక్సెల్ దగ్గర ఉందో గుర్తించడం. ఫొటోల నుంచి పటం చేసే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డ్రోన్‌మ్యాప్‌లో అయితే జీసీపీల ఫైలు ఇలా ఉంటుంది:

```
EPSG:32644
500120.412 1923340.087 64.215 2711.4 1093.6 IMG_0141.JPG G05
500120.412 1923340.087 64.215 2698.0 1820.9 IMG_0142.JPG G05
500120.412 1923340.087 64.215 2690.3 2549.2 IMG_0143.JPG G05
```

మొదటి వరుస నిర్దేశాంక పద్ధతి, ఇక్కడ యూటీఎం 44వ ఉత్తర మండలం. తర్వాత ప్రతి వరుసలో తూర్పు, ఉత్తరం, ఎత్తు, ఫొటోలో పిక్సెల్ స్థానం, ఫొటో పేరు, బిందువు పేరు. తూర్పు, ఉత్తరం తారుమారు చేయడం బాగా తరచుగా జరిగే పొరపాటు. ఒక్కో జీసీపీని కనీసం మూడు ఫొటోల్లో గుర్తించాలి, ఏడెనిమిది ఫొటోల్లో గుర్తిస్తే నిశ్చింత. అవన్నీ ఒకే వరుసవి కాకుండా పక్క వరుసల ఫొటోలు కూడా ఉండేలా చూడండి. పై మూడు వరుసలూ చూడండి: ఫొటో మారినప్పుడల్లా బిందువు దాదాపు 730 పిక్సెళ్లు దిగుతోంది. 16 మీటర్లను 2.2 సెంటీమీటర్లతో భాగిస్తే వచ్చేది సుమారుగా అదే. ఒక వరుసలో ఈ అంకె అనుకోకుండా మారిపోతే తప్పు పలకను గుర్తించారేమో చూడాలి.

చెక్ పాయింట్లు ఈ ఫైలులోకి రాకూడదు. వాటిని వేరే ఫైలులో ఉంచి, పటం తయారయ్యాకే తెరవాలి. పటం తయారు చేసే ఆదేశం ఇంతే:

```
docker run -ti --rm -v /data:/datasets opendronemap/odm \
  --project-path /datasets site1 \
  --gcp /datasets/site1/gcp_list.txt \
  --orthophoto-resolution 2.5 --dsm
```

ఆర్థోమొజాయిక్ రిజల్యూషన్‌ను జీఎస్‌డీ కన్నా చిన్నగా అడిగి లాభం లేదు. ఫైలు బరువెక్కుతుంది, వివరం పెరగదు.

పటం వచ్చాక, పటాలు చూసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఆర్థోమొజాయిక్ తెరిచి, చెక్ పాయింట్ పలకలు ఎక్కడ కనిపిస్తున్నాయో వాటి మధ్య బిందువు మీద చుక్క పెట్టాలి. కొలిచిన నిర్దేశాంకాలను ముందే పటం మీద వేసుకుంటే కన్ను అటే లాగుతుంది, కాబట్టి అవి కనబడకుండా దాచి చుక్కలు పెట్టండి. చెక్ పాయింట్ తూర్పు, ఉత్తర నిర్దేశాంకాలు ఇచ్చి ఎత్తును డీఎస్ఎం నుంచి ఇలా తీయవచ్చు:

```
gdallocationinfo -valonly -geoloc dsm.tif 500185.730 1923291.264
```

పటంలోని విలువ నుంచి నేల మీద కొలిచిన విలువ తీసేస్తే తేడా వస్తుంది. తేడాలను వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కడితే ఆర్‌ఎంఎస్‌ఈ:

```
RMSEz = sqrt( (dz1² + dz2² + ... + dzn²) / n )
```

మన ఉదాహరణకు తిరిగి వద్దాం. మొదట పని తక్కువని మూలల్లోని నాలుగు జీసీపీలతోనే నడిపాం అనుకోండి. ఫొటోలన్నీ నేరుగా కిందికి చూసి తీసినవే. నివేదికలో జీసీపీ తేడా 1.1 సెంటీమీటర్లు. పది చెక్ పాయింట్ల ఎత్తు తేడాలు, స్థలం మధ్య నుంచి అంచు వైపు వెళ్లే వరుసలో ఇలా వచ్చాయనుకుందాం, అన్నీ సెంటీమీటర్లలో:

```
+16 +15 +12 +11 +8 +6 +3 +1 -2 -3
```

ఆర్‌ఎంఎస్‌ఈ 9.3 సెంటీమీటర్లు. జీసీపీ అంకె కన్నా ఎనిమిది రెట్లు ఎక్కువ. కానీ అంతకన్నా ముఖ్యమైనది ఆ అంకెల వరుస. మధ్యలో 16, అంచుకు వెళ్లేకొద్దీ తగ్గుతూ సున్నా దాటి కిందికి పోయింది. గజిబిజిగా చెల్లాచెదురుగా ఉంటే అది కొలతల సహజమైన తేడా. ఇలా ఒక క్రమంలో ఉంటే వెనక ఏదో కారణం ఉన్నట్టు. చదునైన నేల బోర్లించిన మూకుడులా ఉబ్బింది. దీన్నే డోమింగ్ అంటారు.

కారణం లెన్స్ లెక్కలో ఉంది. ఫొటోలన్నీ ఒకే ఎత్తు నుంచి, ఒకే దిశలో కిందికి చూస్తున్నప్పుడు, లెన్స్ వంపును కొంచెం తప్పుగా లెక్కగట్టి, ఆ తప్పుకు సరిపోయేలా నేలను కొంచెం వంచితే జతలన్నీ అప్పుడు కూడా దాదాపు సరిపోతాయి. ఏది నిజమో ఫొటోలను బట్టి సాఫ్ట్‌వేర్‌ తేల్చుకోలేదు. అందుకే నివేదికలో పిక్సెల్ తేడా అర పిక్సెల్ అని ఎంతో బాగా కనిపిస్తూనే నేల వంగి ఉంటుంది. మూలల్లోని నాలుగు జీసీపీలు నాలుగు మూలలను కట్టి ఉంచాయి, నడుమ ఉబ్బును ఆపేవాళ్లు లేరు.

విరుగుడు రెండు వైపుల నుంచి చేయాలి. ఒకటి, కెమెరాను నిట్టనిలువు నుంచి 20, 30 డిగ్రీలు వంచి అడ్డంగా కొన్ని వరుసలు తీయడం. వంచిన ఫొటోలో దగ్గరి నేల, దూరపు నేల ఒకే ఫొటోలో ఉంటాయి, అదే నేలను వేరే కోణం నుంచి చూస్తాయి. నేలను వంచి సర్దుకునే దారి దాంతో చాలావరకు మూసుకుపోతుంది. ఇది మూలానికే చేసే వైద్యం. రెండోది, నడుమ జీసీపీలు పెట్టడం. తొమ్మిది జీసీపీలూ వాడి, వంచి తీసిన ఫొటోలు కూడా కలిపి మళ్లీ నడిపితే అదే పది బిందువుల దగ్గర తేడాలు ఇలా మారాయనుకోండి:

```
+2 +3 -1 +4 -2 +1 -3 +2 -4 -1
```

ఆర్‌ఎంఎస్‌ఈ 2.5 సెంటీమీటర్లు, సగటు 0.1. వరుసలో ఏ క్రమమూ లేదు. 2.2 సెంటీమీటర్ల జీఎస్‌డీకి ఎత్తులో ఇంతకన్నా ఆశించనక్కర్లేదు. సాధారణంగా అడ్డంగా ఒకటి, రెండు జీఎస్‌డీలు, ఎత్తులో ఒకటిన్నర నుంచి మూడు జీఎస్‌డీలు వస్తే పని చక్కగా జరిగినట్టే.

సగటును, ఆర్‌ఎంఎస్‌ఈని ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడండి. సగటు సున్నాకి దగ్గరగా ఉండి ఆర్‌ఎంఎస్‌ఈ పెద్దదైతే ఉబ్బో, వాలో ఉండవచ్చు. సగటే పెద్దదై, ప్రతి బిందువూ దాదాపు అంతే తేడా చూపిస్తే పోల్ ఎత్తునో, ఎత్తు పద్ధతినో అనుమానించాలి. ఒక్క బిందువే 40 సెంటీమీటర్లు చూపించి మిగతావి బాగుంటే ముందు ఆ బిందువు కొలతను, మార్కింగ్‌ను చూడాలి. పలకను ఎవరైనా కాలితో కదిపి ఉండవచ్చు. కారణం దొరికితేనే ఆ బిందువును తీసేయండి. అంకె బాగోలేదని తీసేస్తే ఇక మిగిలేది పరీక్ష కాదు.

జీసీపీ తేడాను ఎందుకు నమ్మకూడదో ఇప్పుడు ఇంకోలా చెప్పవచ్చు. చాలా సాఫ్ట్‌వేర్లలో జీసీపీల ఖచ్చితత్వం ఎంతో మనమే టైపు చేస్తాం. 2 సెంటీమీటర్ల బదులు 1 మిల్లీమీటరు అని రాస్తే, లెక్క ఆ బిందువుల వైపు బలవంతంగా వంగుతుంది, నివేదికలో జీసీపీ తేడా మిల్లీమీటర్లకు దిగుతుంది. పటం మెరుగు పడదు, చెక్ పాయింట్ల దగ్గర ఇంకా చెడవచ్చు కూడా. ఒక పెట్టెలో రాసిన విలువతో తగ్గించగలిగిన అంకె ఖచ్చితత్వానికి సాక్ష్యం కాజాలదు. అక్కడ రోవర్ నిజంగా ఇచ్చిన ఖచ్చితత్వాన్నే రాయాలి.

చెక్ పాయింట్లకూ పరిమితులున్నాయి. వాటినీ కొలిచింది రోవరే కదా, ఆ కొలతలోనూ తప్పు ఉంటుంది. అమెరికాలోని ఫొటోగ్రామెట్రీ సంఘం ఏఎస్‌పీఆర్ఎస్ 2023లో సవరించిన ప్రమాణాల్లో ఈ తప్పును కూడా కలిపి చెప్పాలంది. మన ఉదాహరణలో రోవర్ ఎత్తు తప్పు 2 సెంటీమీటర్లనుకుంటే, 2.5 వర్గం, 2 వర్గం కలిపి వర్గమూలం తీయాలి. 3.2 సెంటీమీటర్లు వస్తుంది. నివేదికలో రాయాల్సింది అది. అదే ప్రమాణం కనీసం 30 చెక్ పాయింట్లు అడుగుతుంది. మన పదింటితో ఆ ప్రమాణం ప్రకారం అని రాయలేం. పది చెక్ పాయింట్ల దగ్గర కొలిచాం, ఫలితం ఇదీ అని ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. పది బిందువుల ఆర్‌ఎంఎస్‌ఈని రెండో దశాంశ స్థానం దాకా రాయడం కూడా అనవసరం.

రెండో పరిమితి ఇంకా ముఖ్యం. జీసీపీలను, చెక్ పాయింట్లను ఒకే బేస్ నుంచి కొలిచాం. బేస్ నిర్దేశాంకాలే అర మీటరు తప్పయితే రెండూ కలిసి అర మీటరు జరుగుతాయి, తేడాలు మాత్రం సెంటీమీటర్లలోనే ఉంటాయి. బేస్‌ను తెలియని బిందువు మీద పెట్టి, అది తనంతట తాను లెక్కగట్టుకున్న స్థానాన్ని ఒప్పుకుంటే మీటర్ల తప్పు కూడా రావచ్చు. దీన్ని పట్టుకోవడానికి ఒక సూటి దారి ఉంది. స్థలానికి దగ్గర్లో నిర్దేశాంకాలు నిర్ధారణ అయిన సర్వే బిందువు మీద అదే రోవర్‌తో, పని మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి కొలవాలి. రెండుసార్లూ ఆ బిందువు విలువ తిరిగి రావాలి.

మూడోది, చెక్ పాయింట్లు గట్టి, చదునైన నేల గురించే చెబుతాయి. ఇంటి పైకప్పు అంచు, చెట్టు, కరెంటు తీగ దగ్గర పటం ఎలా ఉందో వాటికి తెలియదు. మొదట్లో చెప్పిన లెక్క ఇక్కడ పనికొస్తుంది: డీఎస్ఎం కప్పు అంచును గుండ్రంగా చేసేస్తే, పటంలో ఆ అంచు అలలు అలలుగా వంకరపోతుంది. నేల మీద 3 సెంటీమీటర్ల పటంలోనే కప్పు మూల 20 సెంటీమీటర్లు పక్కన ఉండవచ్చు. కప్పుల కొలత అవసరమైన పని అయితే కప్పు మూలలనే కొన్నింటిని, దూరం నుంచే కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్‌తో కొలిచి, వాటి తేడాను విడిగా రాయాలి. రెండు రకాలనూ కలిపి ఒక సగటు తీస్తే ఏ రకం గురించీ తెలియకుండా పోతుంది.

ఇక్కడొక ప్రశ్న వచ్చింది: డ్రోన్‌లోనే ఆర్‌టీకే ఉంటే జీసీపీలు ఎందుకు అని. మంచి ప్రశ్న. ఆర్‌టీకే ఉన్న డ్రోన్ ప్రతి ఫొటో తీసిన స్థానాన్ని కొన్ని సెంటీమీటర్ల లోపు ఇస్తుంది. దాంతో అడ్డం స్థానం బాగా కుదురుతుంది, జీసీపీల సంఖ్యను బాగా తగ్గించవచ్చు. ఎత్తు సంగతి వేరు. ఒకే ఎత్తులో ఎగిరి నేరుగా కిందికి తీసిన ఫొటోల్లో ఫోకల్ లెంగ్త్, నేల ఎత్తు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. మన కెమెరా ఫోకల్ లెంగ్త్ పిక్సెళ్లలో చెప్పాలంటే సుమారు 3650. 80 మీటర్లను దాంతో భాగిస్తే 2.2 సెంటీమీటర్లు. అంటే ఫోకల్ లెంగ్త్ లెక్క ఒక్క పిక్సెల్ తప్పితే నేల మొత్తం 2.2 సెంటీమీటర్లు లేస్తుంది, లేదా దిగుతుంది. ఐదు పిక్సెళ్లు తప్పితే 11 సెంటీమీటర్లు. కెమెరా స్థానాలు ఎంత కచ్చితంగా తెలిసినా ఈ తప్పు అందులో కనబడదు. లెన్స్ వేడెక్కినా, ఫోకస్ కాస్త మారినా ఈ అంకె మారుతుంది, కాబట్టి పాత లెక్కను తెచ్చి పెట్టుకోవడమూ కుదరదు. నేల మీద ఒక్క జీసీపీ ఉన్నా ఈ ఎత్తు జారుడు ఆగుతుంది, నాలుగైదు ఉంటే వాలు కూడా తెలుస్తుంది. వంచి తీసిన ఫొటోలు ఇక్కడా సాయపడతాయి.

ఇక చెక్ పాయింట్ల విషయంలో ఆర్‌టీకే డ్రోన్‌కు ఏ మినహాయింపూ లేదు. అలాంటి డ్రోన్‌తో జీసీపీలను రెండు మూడుకు తగ్గించి, మిగిలిన పలకలన్నింటినీ చెక్ పాయింట్లుగా మార్చండి. పలకలు పరిచే శ్రమ అంతే ఉంటుంది, పటం గురించి తెలిసేది మాత్రం చాలా ఎక్కువ.